అమ్మ కొట్టు, అమ్మ అరువు లెక్క

ప్రశ్న: మా అమ్మ మా వీధిలో చిన్న కిరాణా కొట్టు నడుపుతోంది. ఆ కొట్టు మీదే నన్ను చదివించింది. ఇప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నాను. రోజుకు నాలుగు వేల దాకా బేరం, అందులో సగం అరువే. బయట బాకీలు లక్షా ఇరవై వేలకు చేరాయి. కొట్లో సరుకు ఎనభై వేలకు మించి లేదు. అరువు మానెయ్యమంటే "అరువు లేకపోతే కొట్టే లేదు" అంటుంది. వసూలు చేయమంటే నోరు రాదు. ఏం చేయమంటారు?

జవాబు:

మీ అమ్మగారి మాటే నిజం. వీధి కొట్లో అరువు ఒక్కసారిగా ఆపేస్తే బాకీ ఉన్నవాళ్లు మొహం చాటేస్తారు. పాత డబ్బు అక్కడితో పోయినట్టే. చేతిలో రొక్కం ఉన్నవాళ్లకేమో మీ కొట్టుతో పనే లేదు, బజారులో పెద్ద కొట్టుకు పోతే పంచదార కిలోకు ఒకటి రెండు రూపాయలు తగ్గుతుంది. వీధి కొట్టు సరుకుతో పాటు గడువు కూడా అమ్ముతుంది. ఆ రెండోది మానేస్తే మొదటిది కొనేవాళ్లు సగానికి సగం తగ్గిపోతారు.

నేను హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేస్తాను. నా దగ్గర సరుకు ఎత్తే చిన్న కొట్లు నిలబడటమూ చూశాను, మూతపడటమూ చూశాను. కానీ ఈ అరువు లెక్క నాకు నేర్పింది హోల్‌సేల్ కాదు, మా అమ్మ. నాన్న నా చిన్నప్పుడే పోయారు. చీరాలలో మగ్గాల వీధి చివర, ఇంటి ముందు గదిలోనే చిల్లర కొట్టు పెట్టి అమ్మ నన్ను పెంచింది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. అరువు విషయంలో ఆమెకు తట్టినన్ని సంగతులు నాకు ఇప్పటికీ తట్టవు.

ముందు మీ అంకెలే తీసుకుందాం. రోజుకు రెండు వేలు అరువు పోతోంది, బయట లక్షా ఇరవై వేలు ఉంది. అంటే ఇవాళ ఇచ్చిన అరువు సగటున అరవై రోజులకు గానీ తిరిగి రావడం లేదు. అదే ఇరవై రోజులకు వస్తే బయట ఉండేది నలభై వేలే. మిగతా ఎనభై వేలు సరుకు రూపంలో కొట్లో ఉండేవి, అంటే ఇప్పుడున్న సరుకుకు రెట్టింపు. అరువు మునిగిపోతుందని అందరూ భయపడతారు గానీ, కొట్టును ముందుగా దెబ్బతీసేది ఆలస్యం. బాకీ పూర్తిగా ఎగ్గొట్టేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. ఆలస్యం చేసేవాళ్లు వీధి నిండా ఉంటారు.

ఈ జబ్బు పుస్తకంలో కన్నా ముందు అలమారలో కనిపిస్తుంది. బియ్యం, నూనె, పంచదార ఎలాగో తెచ్చి పెడతారు, అవి లేకపోతే బేరమే లేదు గనుక. వాటిలో వందకు రెండు మూడు రూపాయలే మిగులుతాయి. పోపుగింజలు, ధనియాలు, చింతపండు, లవంగాల పొట్లాలు, అప్పడాలు లాంటి వాటిలో ఇరవై పాతిక మిగులుతుంది. చేతిలో రొక్కం తగ్గినప్పుడు కొట్టువాళ్లు తేవడం మానేసేది సరిగ్గా వీటినే. "జీలకర్ర అయిపోయింది, రేపు వస్తుంది" అనే మాట వారంలో రెండు మూడుసార్లు వినిపించిందంటే ఆ కొట్టు లాభం ఉన్న సరుకు వదిలేసి లాభం లేని సరుకు మోస్తోందన్న మాట. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మగారి అలమారలో చిన్న డబ్బాల మూతలు తీసి చూడండి. ఎన్ని ఖాళీగా ఉన్నాయో చూస్తే బాకీల పుస్తకం తెరవకుండానే సంగతి తెలిసిపోతుంది.

మా అమ్మ అరువు ఇచ్చే పద్ధతికి ఆధారం ఒక్కటే. ఏ ఇంటికి డబ్బు ఏ రోజు వస్తుందో ఆమెకు తెలుసు. మనిషి మంచివాడా కాదా అన్నది తర్వాతి సంగతి. మంచివాడైనా చేతిలో లేని రోజు ఇవ్వలేడు, కాస్త తేడా మనిషైనా కూలి బట్వాడా రోజు సాయంత్రం ఎదురుపడితే ఇవ్వక తప్పదు. మా వీధిలో ఎక్కువమంది నేతగాళ్లు. షావుకారు పడుగూ పేకా ఇస్తాడు, నేసిన బట్ట కోసి అప్పజెప్పిన రోజున మజూరీ ఇస్తాడు. అది వారానికి కావచ్చు, మూడు వారాలకు కావచ్చు. కొందరు ఆడవాళ్లు పొగాకు గ్రేడింగుకు వెళ్లేవారు, కొందరు వేటపాలెం వైపు జీడిపప్పు పనికి వెళ్లేవారు. వాళ్లకు వారం బట్వాడా. ఒకటి రెండు ఇళ్లలో ఒకటో తారీఖు జీతగాళ్లు. ఈ మూడు రకాలకూ ఆమె దగ్గర మూడు రకాల హద్దులుండేవి. వారం బట్వాడా ఇంటికి వారం సరుకే, ఆ వారానిది తేలకుండా పై వారానిది మొదలుకాదు. జీతగాళ్లకు నెల. నేతగాళ్లకు మాత్రం రోజుల లెక్క లేదు, ఒక పడుగు మజూరీలో సగం దాకా. పడుగుకు మూడు వందలు వచ్చే ఇల్లయితే నూట యాభై. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పేది కాదు. నూట ముప్పై దాటగానే "ఇంకెంత నెయ్యాలి వదినా, కోత ఎప్పుడు?" అని మగ్గం సంగతి అడిగేది. అడిగిందంటే హద్దు దగ్గరపడిందని వీధి మొత్తానికీ తెలుసు.

సగమే ఎందుకంటే, ఆ మజూరీ మీద ఇంకా చాలామంది చేతులుంటాయి. అద్దె, పాలు, షావుకారు దగ్గర ముందే తీసుకున్న బయానా, పిల్లల ఖర్చులు. మజూరీ మొత్తానికి సరిపడా అరువు ఇచ్చిన కొట్టువాడు వాటన్నిటితో పోటీ పడాలి. సగం దగ్గర ఆగినవాడికి మొదట ఇచ్చేస్తారు, ఇచ్చినా చేతిలో ఇంకా మిగులుతుంది గనుక.

ఇంకో కట్టుబాటు ఉండేది. పద్దు ఇంటి ఆడమనిషి పేరు మీదే. బీడీలు, సిగరెట్లు, సోడాలు రొక్కానికే. మగవాళ్లకు కోపం వచ్చేది. ఆమె జవాబు ఎప్పుడూ ఒక్కటే: "ఇది మీ ఆవిడ పుస్తకం బాబూ, ఆమెనే అడుగు." బీడీకట్ట మీద మిగిలేది నామమాత్రం, పైగా అలాంటి పద్దు మీద ఇంట్లో గొడవ వచ్చి బియ్యం బాకీ కూడా ఆగిపోతుంది. ఇది నేను తర్వాత ఎన్నో కొట్లలో గమనించాను. తేలకుండా ఉండిపోయిన పద్దుల్లో పొగాకు, శీతల పానీయాలు ఎక్కువగా కనిపిస్తాయి.

రాత సంగతి. ప్రతి ఇంటికీ రెండు పుస్తకాలు. ఒకటి కొట్లో, ఒకటి వాళ్లింట్లో. సరుకు తూచాక రెండింట్లో ఒకేసారి రాసేది. చదువు రానివాళ్ల దగ్గర పైకి చెప్పేది. "నిన్నటికి నలభై ఏడు, ఇవాళ కందిపప్పు అర కిలో ఆరు, నూనె ఐదు, యాభై ఎనిమిది అయింది." రోజూ అదే రాగం. విని విని ఏ ఇంటి బాకీ ఎంతో వీధి పిల్లలకు కూడా నోటికి వచ్చేది. రోజూ చెప్పే అంకె మీద తగాదా రాదు. నెలకొకసారి చెప్పే అంకె మీద మాత్రం "అంతెలా అయింది?" అన్న ప్రశ్న తప్పదు. మీ అమ్మగారికి వసూలుకు నోరు రాదంటున్నారు. అలాంటి మనిషికి ఇదే తేలిక దారి. ఇది అడగడం కిందికి రాదు, చెప్పడమే.

ఎవరి బాకీ ముదురుతోందో పసిగట్టడానికి ఆమె చూసే గుర్తులు కొన్ని నాకు బాగా గుర్తున్నాయి. మొత్తం ఎంతయిందని అడగడం మానేసిన మనిషి మొదటి గుర్తు. ఇచ్చే ఉద్దేశం ఉన్నవాళ్లు ఎంతయిందో అడుగుతూనే ఉంటారు, బేరం కూడా ఆడతారు. ధర అడగకుండా, తూకం చూడకుండా పట్టుకుపోయేవాడు ఆ డబ్బు తనది కాదనే లెక్కలో ఉన్నాడు. రెండోది ఇంకా సూక్ష్మం. బియ్యం, నూనె మాత్రం మన దగ్గర అరువుకు తీసుకొని, చిల్లర సరుకు ఇంకోచోట రొక్కానికి కొనే ఇల్లు. లాభం లేని సరుకు మనకు, లాభమున్న సరుకు పక్క కొట్టుకు. ఆ ఇంటికి చేతిలో డబ్బు ఉంది, మనకు ఇవ్వడం లేదు, అంతే. ఆ పుస్తకానికి అమ్మ అక్కడే గీత గీసేది, మనిషి ఎంత కావలసినవాళ్లయినా సరే.

మూడో గుర్తు, తాము రాకుండా పిల్లల్ని పంపడం. ఇక్కడ అమ్మ చేసిన పని గురించి చెప్పాలి. పిల్లవాడు చీటీ పట్టుకొని వస్తే, బాకీ హద్దు దాటిపోయిన ఇల్లయినా, ఆ పూటకు వాడు అడిగింది కట్టి ఇచ్చేది. పాత కాగితాన్ని వేళ్ల మీదే శంఖంలా చుట్టి, పప్పు పోసి, అంచు లోపలికి మడిచి, చివరన కొసరుగా చిన్న బెల్లం ముక్క వాడి చేతిలో పెట్టేది. "అమ్మను సాయంత్రం ఒకసారి రమ్మనమ్మా" అనేది, అంతే. బాకీ మాట వాడి ఎదురుగా ఎత్తేది కాదు. నేను పెద్దవాణ్నయ్యాక ఎందుకలా అని అడిగితే, వాడూ నువ్వూ ఒకే బడిలో చదువుతున్నారుగా అంది. వ్యాపారం లెక్కలోనూ అది సరైనదే. పిల్లవాణ్ని వట్టి చేతులతో తిప్పి పంపితే ఆ తల్లి అవమానంతో ఇక ఈ దారినే రాదు, బాకీ కూడా రాదు. ఒక పూట పప్పు ఖర్చుతో ఆమె సాయంత్రం కొట్టు దగ్గరకు వచ్చి నిలబడేది. మాట అక్కడ మొదలయ్యేది.

ఆ మాట ఎలా సాగేదో ఒక ఇంటి లెక్కతో చెబుతాను. చీరాల వైపు పెద్ద వానలు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో. గుంట మగ్గం నేలలో ఉంటుంది గనుక గుంటలోకి నీరు ఊరుతుంది. పడుగును వీధిలో సాగదీసి గంజి పెట్టడానికి ఎండ ఉండదు. పని ఆగిపోతుంది, తిండి ఆగదు. అలాంటి ఒక ఏడు ఒక ఇంటి బాకీ నూట యాభై హద్దు దాటి ఆరు వందల నలభైకి పోయింది. వానలు తగ్గాక ఆ ఇల్లాలు వచ్చి తల వంచుకొని నిలబడింది. అమ్మ పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పాత మొత్తాన్ని పైన ఒక్క అంకెగా రాసి, దాని కింద గీత కొట్టింది. "ఇది పాతది. దీనికి వారానికి ఇరవై ఇవ్వు. ఇవాళ్టి నుంచి తీసుకునేది వేరే పేజీ, అది మాత్రం కోత కోతకీ తేలిపోవాలి." అంతే. వడ్డీ లేదు. సరుకు ఆపలేదు. ముప్పై రెండు వాయిదాలు, శ్రావణ మాసం నాటికి తేలిపోయింది.

పాతదీ కొత్తదీ ఒకే పేజీలో కలిసి ఉంటే ఆమె ఎంత ఇచ్చినా ఆరు వందలు ఆరు వందలుగానే కనిపిస్తుంది. ఇచ్చి లాభం లేదన్న నిస్పృహ వస్తుంది, కొట్టు మారుస్తుంది. విడదీస్తే ఒక అంకె వారం వారం తగ్గుతూ కళ్ల ఎదుట ఉంటుంది. సరుకు ఆపితే ఆ ఇల్లు పక్క కొట్లో రొక్కానికి కొనడం మొదలుపెట్టేది, మనకు ఇవ్వవలసిన ఇరవై అక్కడికి పోయేది. బాకీ ఉన్నవాళ్లకు అరువు ఆపాలనే పంతం ఈ కారణంగానే తరచు బెడిసికొడుతుంది. ఆపవలసింది పాత బాకీ పెరగడాన్ని.

వాయిదా చిన్నదిగా పెట్టడంలోనూ ఆలోచన ఉంది. యాభై అని ఉంటే రెండు వారాలు ఇచ్చి మూడో వారం తప్పేది. ఒకసారి తప్పితే మొహమాటం మొదలవుతుంది, మొహమాటంతో దారి మారుతుంది. మజూరీ తక్కువ వచ్చిన వారం కూడా ఇవ్వగలిగినంతే అడగాలి.

మాకు సరుకిచ్చే హోల్‌సేల్ షావుకారు గడువు పదిహేను రోజులు. ఆ మాట అమ్మ ఎన్నడూ తప్పలేదు. అక్కడ మాట పోతే అలమార ఖాళీ అని ఆమెకు తెలుసు. వానాకాలంలో ఆయనకు ఇవ్వడానికి చీటీ ఉండేది, వీధిలో ఇరవై మంది కలిసి వేసుకునేది. ఆ కాలంలో పాట హెచ్చుగా పోయినా పాడి తీసుకునేది. రోజువారీ వడ్డీవాళ్ల దగ్గరకు మాత్రం పోలేదు. వెయ్యి అని చెప్పి తొమ్మిది వందలు చేతికిచ్చి, రోజుకు పది చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. నూటికి పదే కదా అనిపిస్తుంది. కానీ రోజూ తీరుస్తూ పోతాం గనుక, సగటున మన చేతిలో ఉండేది నాలుగు వందల యాభయ్యే. సాలుకు లెక్కకడితే నూటికి ఎనభై దాకా పడుతుంది. పదో పన్నెండో మిగిలే కొట్టు ఆ వడ్డీ మోయలేదు. మీ అమ్మగారు అలాంటిది ఏదైనా తీసుకుని ఉంటే బాకీల సంగతి తర్వాత, ముందు దాన్ని మీ జీతంతో తీర్చేయండి.

ఈ పద్ధతికీ హద్దుంది. ఒక ఇంటికి కష్టం వస్తే గడువు పనిచేస్తుంది. వీధి మొత్తానికి ఒకేసారి వస్తే పనిచేయదు. 1991లో నూలు ధరలు మండిపోయి మగ్గాలు ఆగిపోయాయి. చీరాల ప్రాంతంలో నేతగాళ్ల ఆకలి చావులు పత్రికలకెక్కాయి. ఆ ఏడు అమ్మ హద్దు లెక్కలన్నీ పక్కన పెట్టింది. పప్పు, నూనె అరువు ఆపేసి, నూకలు, ఉప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు మాత్రం అందరికీ కొద్దికొద్దిగా ఇచ్చింది. కొట్లో ఉన్న పెట్టుబడితో నాలుగు ఇళ్లకు అన్నీ ఇవ్వడం కన్నా వీధి మొత్తానికి గంజి మెతుకు ఇవ్వడం మేలనుకుంది. కొన్ని ఇళ్లు ఊరు విడిచి వెళ్లిపోయాయి. వాళ్లలో తర్వాత వచ్చి ఇచ్చినవాళ్లు తక్కువే. ఆ పేజీల మీద అడ్డంగా గీతలు కొట్టేసింది. ఆ ఏడాది సంక్రాంతికి మాకు కొత్త బట్టలు లేవు, నా పదో తరగతి పరీక్ష ఫీజు మాత్రం గడువు కన్నా ముందే కట్టింది. ఆ డబ్బు ఏ డబ్బాలోంచి వచ్చిందో నాకు చెప్పలేదు. మునిగిన బాకీ వెనక ఉన్న లెక్క కూడా అప్పుడే చూపించింది: తొంభైకి కొన్న సరుకు వందకు అరువిస్తే, అది మునిగాక ఆ తొంభై తిరిగి రావడానికి ఇంకో తొమ్మిది వందల బేరం చేయాలి. అంటే మొత్తం మీద చూసుకొని చేసిన పనే, చూసుకోకుండా చేసింది కాదు.

ఇక మీ కొట్టు. మీ ప్రశ్న అమ్మకు చదివి వినిపించాను. ఇప్పుడు కొట్టు లేదు, మోకాళ్ల నొప్పులు, చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి. లక్షా ఇరవై వేలు అనగానే ఉలిక్కిపడుతుందనుకున్నాను. "ఎన్ని ఇళ్ల మీద?" అని అడిగింది. నిజమే, అరవై ఇళ్ల మీద అయితే ఇంటికి రెండు వేలు, కాస్త మందలిస్తే వచ్చే డబ్బు. ఎనిమిది ఇళ్ల మీద అయితే ఇంటికి పదిహేను వేలు, అప్పుడు మీ అమ్మగారి కొట్టు ఆ ఎనిమిది ఇళ్ల చేతిలో ఉన్నట్టు. అందుకని మొదట ఒక ఆదివారం కూర్చొని పుస్తకం ముందేసుకొని ఇళ్లు విడదీయండి. గత నెలలో ఎంతో కొంత ఇచ్చిన ఇళ్లు ఒక వైపు, మూడు నెలలుగా ఒక్క రూపాయీ ఇవ్వనివి ఇంకో వైపు. మొదటి రకానికి పాత పేజీ, కొత్త పేజీ పద్ధతి వెంటనే మొదలుపెట్టవచ్చు. రెండో రకంలో సగం వచ్చినా గొప్పే అనుకొని, వాళ్లకు మాత్రం కొత్త అరువు ఇవ్వకండి.

పెద్ద మొత్తాలు ఉన్నచోట తేదీతో సంతకం తీసుకోండి. కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం అమ్మిన సరుకు బాకీకి మామూలుగా మూడేళ్లే గడువు. ఆ గడువు లోపల బాకీదారు రాతపూర్వకంగా ఒప్పుకొని సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. రెండు వేల కోసం ఎవరూ కోర్టుకు వెళ్లరు, వెళ్లకూడదు కూడా. అయినా సంతకం పెట్టిన మనిషికి అంకె గుర్తుంటుంది.

ఫోనులో బాకీ పద్దులు రాసే యాప్‌లు ఉన్నాయి, కూడికలకు మంచివే. వాటి నుంచి తనంతట తానే వెళ్లే గుర్తుచేసే సందేశాన్ని మాత్రం ఆపేయండి. ఆ ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలియదు, అత్తగారు చూస్తే ఆ కోడలు మళ్లీ మీ గడప తొక్కదు.

చింతపండు, మిరపకాయల కొత్త పంట మాఘ, ఫాల్గుణాల్లో వస్తుంది. ఏడాది మొత్తంలో అప్పుడే ధర తక్కువ. చేతిలో రొక్కం ఉన్న కొట్టు ఆ రెండింటి మీదే మంచి లాభం చూస్తుంది. మీ వసూళ్లు ఆ నాటికి ఒక దారిన పడాలని గురి పెట్టుకోండి, మీ అమ్మగారికి కూడా ఆ మాట తేలిగ్గా ఎక్కుతుంది. "బాకీలు వసూలు చెయ్యి" అంటే నొచ్చుకునే మనిషి "చింతపండుకు డబ్బు కావాలి" అంటే తానే కదులుతుంది.

ఇంకొక్క సంగతి మీరు రాయలేదు, అమ్మ రెండుసార్లు అడిగింది. మీ వీధిలో కూలి ఏ రోజు ఇస్తారు? అది తెలిస్తే ఏ ఇంటికి వారం, ఏ ఇంటికి నెల పెట్టాలో ఇద్దరం కూర్చొని చెబుతాం.